చాట్ ప్రోగ్రామ్‌కి ముందు ‘హాయ్’ కొట్టి, తర్వాత ప్రశ్న అడిగేవాళ్లు: ఎందుకంటారు?

తీరుబడి
మా ఇంట్లో నలుగురం ఒకే ట్యాబ్లెట్‌లో, ఒకే ఖాతాతో చాట్ ప్రోగ్రామ్ వాడుతున్నాం. పక్కన పాత చాట్‌ల జాబితా ఉంటుంది కదా, వాటికి మొదటి మెసేజ్‌ని బట్టి ఆ ప్రోగ్రామే పేర్లు పెడుతుంది. నిన్న ఏదో పాతది వెతుకుదామని చూస్తే వరసగా ‘పలకరింపు’, ‘పలకరింపు’, మళ్లీ ‘పలకరింపు’. లోపలికి వెళ్తే ఒకదాంట్లో బీపీ మాత్ర గురించి ఉంది, ఇంకోదాంట్లో బ్యాంకు ఫారం గురించి ఉంది. అంటే మావాళ్లు ముందు ‘హాయ్’ కొట్టి, అది తిరిగి పలకరించాక, అప్పుడు అసలు సంగతికి వస్తున్నారన్నమాట.

అటువైపు మనిషి లేడని ఇంట్లో అందరికీ తెలుసు. కాలిక్యులేటర్‌ని ఎవరూ పలకరించరు. గూగుల్‌లో ఎవరూ ‘హాయ్’ కొట్టి వెతకరు. దీనికే ఎందుకు? ఇది మర్యాదేనా, ఇంకేమన్నానా?

సూటిమాట
శుద్ధ దండగ. ఒక్కో ‘హాయ్’కీ అక్కడెక్కడో సర్వర్లు తిరుగుతాయి, కరెంటు కాలుతుంది. ఈ పలకరింపుల వల్ల కోట్ల డాలర్లు ఖర్చవుతున్నాయని చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐ కంపెనీ పెద్దాయన సామ్ ఆల్ట్‌మనే 2025 ఏప్రిల్‌లో చెప్పాడు. మర్యాద కావాలనుకునేవాళ్లు పక్కింటివాళ్లకి చెప్పుకోండి.

టైపుబాబు
అయ్యా, నా గోడు మీరే పట్టించుకున్నారు. మా ఆఫీసు చాట్‌లో ఇదే రోగం. ‘హాయ్’ అని ఒక్క ముక్క వస్తుంది, ఆ తర్వాత ఏమీ ఉండదు. నేను పని ఆపుకుని ‘చెప్పండి’ అంటాను. పది నిమిషాలకి ‘బిజీనా?’ అని వస్తుంది. అసలు ప్రశ్న మధ్యాహ్నానికి గానీ రాదు. nohello.net అని ఒక పేజీయే ఉంది దీని మీద. అందులో చెప్పేది ఒకటే, పలకరింపూ ప్రశ్నా ఒకే మెసేజ్‌లో పెట్టండి అని. ఆ లింకు నా స్టేటస్‌లో పెట్టుకున్నాను. ఇద్దరికి కోపం వచ్చింది, మిగతావాళ్లు చూడనే లేదు.

తీరుబడి
టైపుబాబు గారూ, మీ బాధ అర్థమైంది గానీ నేనడిగింది మనుషులు మనుషులకి పెట్టే ‘హాయ్’ గురించి కాదండీ, ప్రోగ్రామ్‌కి పెట్టే దాని గురించి.

లాగ్‌మనిషి
నేను కస్టమర్ సర్వీసు బాట్‌లు తయారుచేసే పనిలో ఉన్నాను. పొద్దున్నుంచి జనం ఏం టైపు చేశారో నమోదయ్యే లాగ్‌లు చదవడమే నా ఉద్యోగంలో సగం.

ముందు సూటిమాట గారికి ఒక సవరణ. ఆల్ట్‌మన్ అన్నది ‘ప్లీజ్’, ‘థాంక్యూ’ల గురించి. ఎవరో సరదాగా అడిగితే కోట్ల డాలర్లు అని చెబుతూనే, అవి సద్వినియోగమయ్యాయని కూడా అన్నాడు. అది లెక్కాపత్రం కాదు, నవ్వుతూ ఇచ్చిన జవాబు. ‘హాయ్’ మాత్రం పూర్తిగా ఉచితం కాదన్నది నిజమే. ఈ కొత్త రకం ప్రోగ్రామ్‌లు ప్రతి మెసేజ్‌కీ సంభాషణ మొత్తాన్నీ మొదటి నుంచి తీసుకుని చూస్తాయి. కాబట్టి పైన కూర్చున్న ‘హాయ్’, దానికి వచ్చిన జవాబు ప్రతిసారీ వాటి ముందుకు వస్తూనే ఉంటాయి. ఆ అదనపు భారం చాలా చిన్నది. మెసేజ్‌ల పరిమితి ఉన్న ఉచిత ఖాతాలో మాత్రం ఒక మెసేజ్ ఉత్తపుణ్యానికి పోతుంది, అక్కడ అది తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న. ‘హాయ్’ని జనానికి అలవాటు చేసినవాళ్లలో మేమూ ఉన్నాం. టెలిగ్రామ్‌లో బాట్ తనంతట తాను ఎవరికీ మెసేజ్ పంపలేదు. మీరు ముందు `/start` నొక్కాలి. వాట్సాప్‌లో బాట్ నడిపే వ్యాపార ఖాతాకి ఇంకో నియమం ఉంది. మీరు చివరి మెసేజ్ పంపిన 24 గంటల లోపే అది మీకు మామూలు మాటల్లో రాయగలదు. గడువు దాటితే ముందే ఆమోదం పొందిన మూసలోనే పంపాలి. అందుకని ప్రతి సంస్థా మీ చేత ముందు ఏదో ఒకటి పంపించాలని చూస్తుంది. ‘ఈ నంబరుకి హాయ్ అని పంపండి’ అన్న బోర్డుల వెనక ఉన్నది ఇదే. లింకులో ఆ మాటని ముందే పెట్టేస్తారు కూడా, చివర `?text=Hi` అని. మీరు నొక్కితే చాలు, మీ తరఫున పలకరింపు సిద్ధంగా ఉంటుంది. ఇన్నేళ్లు ఇలా తలుపు తీయించుకున్న జనం, ఇవాళ దేన్నైనా అర్థం చేసుకునే ప్రోగ్రామ్ ఎదురైతే అక్కడా అదే తాళంచెవి వాడుతున్నారు. ఇందులో మర్యాద నాకైతే కనిపించదు.

అర్జీదారు
ఆ తాళంచెవి నా కొంప ముంచింది. పేరెందుకులెండి, ఒక ఆఫీసువాళ్ల బాట్‌లో ఫిర్యాదు పెడుతున్నా. పేరు, నంబరు, తేదీ, ఫోటో అన్నీ ఇచ్చాను. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఉందా పోయిందా చూద్దామని ‘హాయ్’ కొట్టాను. అంతే, మొదటి మెనూ వచ్చి కూర్చుంది, నేనిచ్చినవన్నీ గల్లంతు. మళ్లీ పేరు దగ్గర్నుంచి.

లాగ్‌మనిషి
అది చాలా బాట్‌లలో ఉన్న తంతే అండీ. ‘హాయ్’ ఎక్కడ వచ్చినా మొదటికి తీసుకెళ్లమని రాసిపెడతారు. దారి తప్పినవాడికి బయటపడే మార్గం ఉండాలని పెట్టిన ఏర్పాటు అది. మీరు ‘ఉన్నావా?’ అని అడిగారు, అది ‘మళ్లీ మొదలుపెట్టు’ అని విన్నది.

దీనికి అన్నలాంటి తప్పు ఇంకోటుంది, మా దగ్గర జరిగినదే చెబుతాను. ‘హాయ్, రద్దు చేసిన టికెట్ డబ్బులు ఇంకా రాలేదు’ అని ఒకే మెసేజ్‌లో రాసినవాళ్లకి మా బాట్ కేవలం తిరిగి పలకరించి, ఏం కావాలని అడిగేది. మెసేజ్‌కి ఒకే ఉద్దేశం అంటగట్టే పద్ధతి అది. మొదట్లో ఉన్న ‘హాయ్’ చూడగానే పలకరింపు అని ముద్ర వేసి మిగతాది వదిలేసేది. లాగ్‌లో ఇది ఎలా బయటపడిందంటే, చాలామంది రెండో మెసేజ్ మొదటిదాని నకలులాగే ఉండేది, ‘హాయ్’ ఒక్కటే తీసేసి. అంటే టైపుబాబు గారి సలహా ప్రకారం బుద్ధిగా నడుచుకున్నవాళ్లే శిక్ష పడి రెండుసార్లు టైపు చేశారు. ఒట్టి ‘హాయ్’ కొట్టి ఆగినవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. ముందు పలకరింపుని ఒలిచి, మిగిలిన దాన్ని వర్గీకరణకి పంపితే పోయింది:

```python
pat = r"^\s*(hi|hello|హాయ్)(?=[\s,!.]|$)[\s,!.]*"
rest = re.sub(pat, "", text, flags=re.I)
intent = classify(rest) if rest else "greet"
```

మాట చివరని గుర్తించడానికి అందరూ వాడే `\b` ఇక్కడ పనిచేయదు. ‘హాయ్’ చివర ఉన్న పొల్లుని పైథాన్ అక్షరంగా లెక్కించదు. ఇంగ్లిష్ ‘హాయ్’ ఒలుచుకుపోయి తెలుగు ‘హాయ్’ అలాగే ఉండిపోతే కారణం అదే. ఎవరికైనా పనికొస్తుందని చెప్పాను.

సూటిమాట
సరే, ఆల్ట్‌మన్ మాట ఒప్పుకుంటా. కానీ చివరికి మీరూ నా దారికే వచ్చారు. ఉత్త అలవాటు, ఉపయోగం లేదు.

శబ్దవేధి
ఉపయోగం లేదనడం తొందరపాటు. నేను సంభాషణల అధ్యయనం వైపు మనిషిని. ఈ ‘హాయ్’ మర్యాద కాదని లాగ్‌మనిషి గారితో ఏకీభవిస్తాను. కానీ బాట్‌లే నేర్పాయన్నది సగమే నిజం. బాట్‌లు లేని కాలంలోనే ఇది ఉంది.

ఎమాన్యుయెల్ షెగ్లాఫ్ అనే ఆయన 1968లో ఒక వ్యాసం రాశాడు. పోలీసు కార్యాలయానికి సంబంధించిన దాదాపు 500 ఫోన్ కాల్స్ మొదటి క్షణాలు తీసుకుని, ముందు ఎవరు మాట్లాడుతున్నారో చూశాడు. ఫోన్ ఎత్తినవాళ్లే ముందు మాట్లాడతారు అన్న సూత్రం అన్నిటికీ సరిపోయింది, ఒక్క కాల్‌కి తప్ప. అందులో అవతల రిసీవర్ ఎత్తారు, ఒక సెకను మాట లేదు. అప్పుడు ఫోన్ చేసినవాళ్లే ‘హలో’ అన్నారు. 500లో ఒకటే కదా అని పక్కన పెట్టేయొచ్చు. ఆయన పెట్టలేదు. ఆ ఒక్కదానికి కూడా వర్తించేలా సూత్రాన్నే మార్చాడు. ఫోన్ మోగడమే మొదటి మాట, అది పిలుపు. ఎత్తినవాళ్ల ‘హలో’ ఆ పిలుపుకి జవాబు. జవాబు రాలేదు కాబట్టి, చేసినవాళ్లు మళ్లీ పిలిచారు, ఈసారి నోటితో.

పిలుపుకి కొన్ని లక్షణాలున్నాయని ఆయన చూపించాడు. జవాబు వచ్చాక పిలిచినవాడు ఊరుకోకూడదు, సంగతి చెప్పాలి. జవాబు వచ్చాక మళ్లీ పిలవకూడదు. జవాబు రాకపోతే మాత్రం మళ్లీ పిలవొచ్చు. ఇప్పుడు తీరుబడి గారి ఇంట్లో జరిగేది చూడండి. ‘హాయ్’, దానికి జవాబు, వెంటనే సంగతి. అర్జీదారు గారి విషయంలో జవాబు ఆగిపోయింది, మళ్లీ పిలిచారు. ఆయన చేసింది మనుషుల పద్ధతి ప్రకారం నూటికి నూరుపాళ్లు సబబు. గూగుల్‌ని పిలవకపోవడానికీ కారణం ఇదే. అది ఇన్నేళ్లూ మన మాటకి వంతు తీసుకుని బదులు చెప్పలేదు, జాబితా ఇస్తూ వచ్చింది. వంతులవారీగా మాట్లాడేది ఏదైనా సరే, అది వింటోందో లేదో ముందు తేల్చుకోవాలనిపిస్తుంది.

టైపుబాబు గారి గొడవ కూడా ఇక్కడికే వస్తుంది. పిలుపు అన్నాక ఎదుటివాడు తక్షణం పలకాల్సి ఉంటుంది, పలికాక విషయం వచ్చేదాకా కాచుకుని ఉండాలి. ఆఫీసు చాట్‌లో ఆ కాచుకోవడం మీ మెడకి చుట్టుకుంది. ప్రోగ్రామ్ కాచుకుని ఉండదు, దానికి విసుగు లేదు. మీకు చిరాకు తెప్పించిన ‘హాయ్’ అక్కడ ఎవరికీ చిరాకు తెప్పించదు.

టైపుబాబు
అంటే నాకు ‘హాయ్’ పెట్టేవాళ్లు అమర్యాదగా ఉన్నట్టా కాదా? అది తేల్చండి ముందు.

శబ్దవేధి
వాళ్ల దృష్టిలో తలుపు తట్టారు. తోసుకుని లోపలికి రాకపోవడమే మర్యాద అనుకుంటున్నారు. మీ దృష్టిలో తట్టి పారిపోయారు. రెండూ నిజమే, నేను తీర్పు చెప్పలేను.

లాగ్‌మనిషి
శబ్దవేధి గారూ, మీరు చెప్పింది చదివాక నా లాగ్‌లో ఉన్న ఒక సంగతికి అర్థం దొరికింది. ఒకే మనిషి, ఒకే ప్రోగ్రామ్. పాత చాట్‌లోకి మర్నాడు తిరిగొస్తే చాలావరకు పలకరింపు ఉండదు, నేరుగా ‘ఇంకో డౌట్’ అని వస్తారు. అదే మనిషి ఐదు నిమిషాల కింద మాట్లాడి, కొత్త చాట్ తెరిస్తే మళ్లీ ‘హాయ్’. మనుషులతో అయితే తిరగేసి ఉంటుంది. మర్నాడు కలిస్తే పలకరిస్తాం, ఐదు నిమిషాల్లో గది మారినంత మాత్రాన మళ్లీ పలకరించం. పలకరింపు ఎదుటివాడికి చెందినదైతే ఇలా ఉండదు కదా. ఇది ఖాళీ కిటికీకి చెందినది.

ఇంకోటి, ‘బై’ చెప్పేవాళ్లు బహు అరుదు. పని కాగానే మాయం. ‘హాయ్’తో మొదలెట్టినవాళ్లు కూడా.

శబ్దవేధి
అది బలమైన ఆధారం. హార్వీ శాక్స్‌తో కలిసి షెగ్లాఫ్ 1973లో సంభాషణ ముగింపుల మీద కూడా రాశాడు. మనుషులు ఠక్కున ఆపలేరు. ‘సరే మరి’, ‘ఉంటాను’ అంటూ, అవతలివాళ్లకి ఇంకేమైనా చెప్పేది మిగిలిందేమో అని చోటిస్తూ మెల్లగా దిగుతారు. ఇవతలివాడు తెంచేస్తే అవతలివాడికి ఏదో తెగినట్టుంటుంది కాబట్టి అంత శ్రమ. ప్రోగ్రామ్‌కి చెప్పడానికి ఏమీ మిగలదు, దాన్ని వదిలేస్తే ఎవరూ నొచ్చుకోరు. అందుకే మొదలు నిలిచింది, ముగింపు రాలిపోయింది. మొదలు మనకి అవసరం, ముగింపు ఎదుటివాడికి అవసరం.

మాత్రాబలం
చదువుతూ ఊరుకుందామనుకున్నాను గానీ, నన్ను లోపల పెట్టి తాళం వేస్తున్నట్టుంది. నాకు డెబ్బై దాటాయి. నేను ‘హాయ్’ కొట్టేవాణ్ణే. నా కారణాలు మీరెవరూ చెప్పలేదు. ఒకటి, కీబోర్డు తెలుగులో ఉందో ఇంగ్లిష్‌లో ఉందో ఒక మాట కొడితే గానీ తెలియదు. రెండు, తెలుగులో పలకరిస్తే తెలుగులో బదులిస్తుంది, ఆపైన ఇక ఆ భాషలోనే నడుస్తుంది. మూడు, ఖాళీ పెట్టె ముందు నాకు ప్రశ్న కుదరదు. అది ఏదో ఒకటి అన్నాక, దానికి బదులుగా నా మాట వస్తుంది. మర్యాద అంటారా, ప్రశ్న అడిగాక అది సరిగ్గా చెప్పకపోతే ‘క్షమించాలి, ఇంకోసారి అడుగుతున్నాను’ అని రాస్తాను. అది మర్యాదే. ఎవరు చూస్తున్నారని కాదు.

లాగ్‌మనిషి
మాత్రాబలం గారూ, ఆ ‘క్షమించాలి’ మా లాగ్‌లోనూ కనిపిస్తుందండీ. ముఖ్యంగా ఒకే ప్రశ్నని మళ్లీ అడిగేటప్పుడు. ‘హాయ్’ని మర్యాద ఖాతాలో వేయను గానీ దీన్ని వేస్తాను. ఎదుటివాడికి శ్రమ ఇస్తున్నానన్న స్పృహ అది. శ్రమ పడేవాడు లేకపోయినా ఆ స్పృహ వస్తోంది.

సూటిమాట
శ్రమే లేని చోట శ్రమ ఇచ్చానని బాధపడటం మర్యాద ఎలా అవుతుంది? మాత్రాబలం గారి మొదటి మూడు కారణాలు మాత్రం నాకు నచ్చాయి. అవి పనికొచ్చే ‘హాయ్’లు.

ఇద్దరమ్మ
నాది పిల్లల గోల. మా చిన్నది స్పీకర్‌ని గద్దిస్తూ మాట్లాడుతుంది. దాని అక్క ‘ప్లీజ్’ అంటుంది. 2018లోనే అమెజాన్, గూగుల్ రెండూ పిల్లలు ‘ప్లీజ్’ అంటే స్పీకర్ మెచ్చుకునే ఏర్పాటు తెచ్చాయి, తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఫిర్యాదుల వల్లే. మావారు అది ఉండాలంటారు. నేను వద్దన్నాను. ‘ప్లీజ్’ ఎందుకంటామో దానికి తెలియాలి కదా. అవతలివాడు కాదనగలడు కాబట్టి అంటాం. కాదనలేని దాని దగ్గర నేర్చుకున్న ‘ప్లీజ్’ వట్టి మంత్రం అవుతుందని నా భయం. గద్దించడం అలవాటైతే మనుషుల మీదికి వస్తుందని మావారి భయం. ఇప్పటికీ తేలలేదు.

తీరుబడి
ఇద్దరమ్మ గారూ, మీవారి వైపే నేను. సరే, నిన్న రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో అడిగి చూశాను, ‘మీరు దాన్ని పలకరిస్తారా?’ అని. నాన్న నవ్వి ‘పలకరిస్తే పోయిందేముంది’ అన్నారు. మా తమ్ముడు మాత్రం ‘యంత్రాన్నా? నాకేం పిచ్చా?’ అన్నాడు. వాడి చాట్‌లు తెరిచి చూపించాను, మూడింట ఒకటి ‘హాయ్’తోనే మొదలు. ‘అది ఊరికే’ అంటాడు. అబద్ధం చెబుతున్నట్టు లేడు, నిజంగానే గుర్తులేదు.

శబ్దవేధి
మీ తమ్ముడు మంచి ఉదాహరణ. స్టాన్‌ఫర్డ్‌లో క్లిఫర్డ్ నాస్, ఆయన తోటివాళ్లు 1990లలో సరిగ్గా దీన్నే పట్టుకున్నారు. ఒక కంప్యూటర్ చేత మనుషులకి కొన్ని విషయాలు నేర్పించారు, పరీక్ష పెట్టించారు. తర్వాత ‘ఈ కంప్యూటర్ ఎలా నేర్పింది?’ అని అడిగారు. కొందరిని ఆ కంప్యూటరే అడిగింది, కొందరిని వేరే కంప్యూటర్ అడిగింది, కొందరికి కాగితం ఇచ్చారు. తనని గురించి తనే అడిగినప్పుడు జనం ఎక్కువ మార్కులు వేశారు. ముఖం మీదే బాగాలేదని ఎలా అంటాం, అన్నట్టు. తర్వాత వాళ్లని కదిలిస్తే, కంప్యూటర్‌కి మొహమాటపడటమా, అలాంటిదేమీ లేదన్నారు. వాళ్లు కంప్యూటర్లు బాగా తెలిసినవాళ్లే. అందులో గొంతు లేదు, ముఖం లేదు, తెర మీద ఉత్త అక్షరాలే.

కాబట్టి సూటిమాట గారి ప్రశ్నకి నా జవాబు ఇది. నమ్మకం ఒక దారి, మొహమాటం ఒక దారి. అది మనిషి కాదన్న నమ్మకం స్థిరంగా ఉండగానే మొహమాటం తన పని తాను చేసుకుపోతుంది. అది మర్యాదా కాదా అంటే, ఆలోచించి చేసేదే మర్యాద అని మీరు గీత గీస్తే కాదు. మనం రోజూ మనుషుల దగ్గర చేసే మర్యాదలో ఆలోచించి చేసేది ఎంతో ఒకసారి చూసుకుని గీత గీయండి.

సూటిమాట
ఆ గీత నేను గీస్తాను. ఆలోచించకుండా మనుషులకి చెప్పే ‘హాయ్’ అవతలివాడికి అందుతుంది. ఇది ఎవరికీ అందదు. అందనిది మర్యాద కాదు.

మాత్రాబలం
ఎవరూ లేని గదిలోకి వెళ్లేటప్పుడు కూడా కొందరు చెప్పులు విప్పుతారు, సూటిమాట గారూ.

సూటిమాట
నేల మురికవుతుంది కాబట్టి విప్పుతారు సార్.

తీరుబడి
మీ ఇద్దరికీ పొత్తు కుదిరేలా లేదు. నాకు ఇంకొక్క సందేహం ఉంది, లాగ్‌మనిషి గారూ. ఈ ప్రోగ్రామ్‌లు మొదట్నుంచీ ‘హాయ్’ వస్తుందని ఎదురుచూసేవా, లేక జనం కొట్టడం చూసి నేర్పారా?

లాగ్‌మనిషి
మొట్టమొదటి దాన్నే చూడండి. ఎమ్‌ఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ చేసిన ఎలైజా, 1966లో దాని మీద వ్యాసం వచ్చింది. మానసిక వైద్యుడిలా మాట్లాడే దాని స్క్రిప్టులో ‘హలో’ అనే మాటకి విడిగా జవాబు రాసి ఉంది, బాగున్నారా, మీ సమస్య చెప్పండి అన్న ధోరణిలో. అంటే ఎవరో ఒకరు అలా కొడతారని ఆయన ముందే ఊహించాడు. తమాషా ఏంటంటే, ఆ వ్యాసంలో ఆయన అచ్చువేసిన నమూనా సంభాషణలో ‘హలో’ లేదు. అందులో ఎలైజాతో మాట్లాడే అమ్మాయి నేరుగా, మగాళ్లంతా ఒకటే అని మొదలుపెడుతుంది. ఇప్పటి సంగతికొస్తే, బాట్‌లు తయారుచేసే గూగుల్ సాధనం డైలాగ్‌ఫ్లోలో కొత్త బాట్ తెరవగానే స్వాగతం చెప్పే భాగం ముందే పెట్టి ఉంటుంది. అలాంటిదే ఇంకో సాధనం రాసా ఓపెన్ సోర్స్‌లో `rasa init` కొడితే వచ్చే నమూనాలో మొదటి ఉద్దేశం పేరే `greet`. ఎవరికి ఎవరు నేర్పారో విడదీయడం నావల్ల కాదు.

అర్జీదారు
మీ చర్చ బాగుంది గానీ నా సంగతి ఒక్కటి చెప్పండి బాబూ. ఫిర్యాదు మళ్లీ పెడుతున్నాను, మళ్లీ అదే చోట ఆగింది. ఈసారి ‘హాయ్’ కొట్టకుండా అది బతికుందో లేదో తెలిసేదెలా?

లాగ్‌మనిషి
ఆఖరున అది ఏం అడిగిందో దానికే మళ్లీ జవాబివ్వండి. ఫోటో దగ్గర ఆగితే ఆ ఫోటోనే ఇంకోసారి పంపండి. చాలా బాట్‌లలో అది మొదటికి పోదు. ఫైలు పెద్దదైతే కూడా ఇలా మౌనంగా ఆగిపోతుంటాయి, చిన్నది చేసి పంపండి. ‘మెనూ’, ‘స్టార్ట్’ అని మాత్రం కొట్టకండి, అవీ ‘హాయ్’కి చుట్టాలే.

అర్జీదారు
ఫోటో చిన్నది చేస్తే వెళ్లింది. నంబరు కూడా వచ్చింది. అలవాటు కొద్దీ ‘థాంక్స్’ అని కొట్టాను, అర్థం కాలేదంది.